తెగిన గొలుసుకు అతుకు పెడితే టంచ్ ఎంత పోతుంది, బలం ఎంత మిగులుతుంది

బంగారు గొలుసు నడుమ తెగడం అరుదు. ఎక్కువగా తెగేది కొక్కెం పక్కనున్న రెండు మూడు లింకుల దగ్గర. మంగళసూత్రాల గొలుసైతే సూత్రాలు వేలాడే చోట తెగుతుంది. గొలుసు బరువంతా, రోజూ తీసి పెట్టుకునేటప్పుడు పడే లాగుడంతా ఆ కొద్ది చోట్లే పడుతుంది మరి. చంటిబిడ్డ గుప్పిట్లో పట్టుకుని లాగినప్పుడు కూడా ముందు లొంగేది అవే. తెగిన గొలుసును కాగితంలో చుట్టి కంసాలి దగ్గరికి తీసుకెళ్లే ప్రతి ఇల్లాలికీ ఒకటే అనుమానం. టంకం పెడితే బంగారం నాణ్యత పడిపోతుందేమో, రేపు మార్చుకోబోతే షాపువాళ్లు కోత కోస్తారేమో అని.

తెనాలి బజారులో ఒక ఆచారి గారి కొట్టులో కూర్చున్నప్పుడు అచ్చంగా ఇలాంటి గొలుసే వచ్చింది. 22 క్యారెట్ల మూడు కాసుల గొలుసు, కొని పదిహేనేళ్లయింది. తెచ్చినావిడ బిల్లు కూడా జాగ్రత్తగా దాచుకుని తెచ్చింది. అందులో బరువు 24.350 గ్రాములని ఉంది. ఆచారి గారు తెగిన రెండు ముక్కల్నీ కలిపి త్రాసులో వేస్తే సరిగ్గా 24.000 చూపించింది.

"ఆచారి గారూ, అతుకు పెడితే టంచ్ పోద్దా?" అని ఆవిడ అడిగింది.

"టంచ్ సంగతి తర్వాత చెప్తానమ్మా. ముందు ఈ రింగులు చూడండి" అని ఆయన భూతద్దం చేతికిచ్చాడు.

అద్దంలో చూస్తే లింకులన్నీ బయటికి గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఒక లింకు ఇంకో లింకును ఆనుకునే లోపలి వంపులో మాత్రం తీగ నొక్కుకుపోయినట్టు పలచబడి ఉంది. కొక్కెం పక్క లింకుల్లో అయితే తీగ మందం సగానికి వచ్చేసింది. తెగిన లింకు కూడా అక్కడే, ఆ అరుగుడు దగ్గరే తెగింది. దాని పాత అతుకు ఇంకో పక్కన చెక్కుచెదరకుండా ఉంది. పదిహేనేళ్లలో ఈ గొలుసు నుంచి 350 మిల్లీగ్రాముల బంగారం ఎవరికీ తెలియకుండా అరిగిపోయింది. ఇప్పుడు పెట్టబోయే టంకం బరువు దాదాపు పది మిల్లీగ్రాములు. అంటే ఆవిడ దేని గురించి దిగులు పడుతోందో దానికి ముప్పై అయిదు రెట్లు ఇదివరకే పోయింది.

టంచ్ లెక్క కష్టమైనదేమీ కాదు, ఎవరికి వారు వేసుకోవచ్చు. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం. 24 గ్రాముల గొలుసులో 21.984 గ్రాముల మేలిమి ఉన్నట్టు. దానికి నూటికి 75 పాళ్లు మాత్రమే బంగారం ఉన్న టంకం పది మిల్లీగ్రాములు చేర్చామనుకుందాం. మొత్తం బరువు 24.010 గ్రాములవుతుంది, అందులో మేలిమి 21.9915 గ్రాములు. నాణ్యత 91.60 నుంచి 91.59కి దిగుతుంది. కరిగించి పరీక్షించినా పట్టుకోవడం కష్టమయ్యేంత చిన్న తేడా అది. సరే, ఈ గొలుసుకు పదిసార్లు అతుకు పడిందనీ, ప్రతిసారీ ఇరవై మిల్లీగ్రాముల టంకం వాడారనీ అనుకుందాం. అప్పటికీ నాణ్యత 91.46 దగ్గర ఆగుతుంది. ఒకటి రెండు రిపేర్ల వల్ల గొలుసు "22 నుంచి 20కి పడిపోయింది" అని ఎవరన్నా అంటే ఆ లెక్క కుదరదు.

అయితే జనంలో ఉన్న భయం ఊరికే పుట్టింది కాదు. దానికి కారణం రిపేరు టంకం కన్నా, నగ తయారైన నాడే అందులో పడ్డ టంకం. వెనకటి రోజుల్లో గొలుసు మొత్తం చేత్తో చేసేవారు. కమ్మచ్చులో లాగిన తీగను వంచి, కోసి, రింగులుగా చేసి, ఒక్కొక్క రింగుకీ విడివిడిగా టంకం పెట్టేవారు. వందల అతుకులన్నమాట. అప్పటి టంకం బంగారంలో రాగి, వెండి బాగా కలిపి చేసింది. నూటికి అరవై పాళ్లు బంగారం, మిగతా నలభై ఆ లోహాలు అనుకుంటే, 24 గ్రాముల గొలుసు బరువులో నూటికి అయిదు వంతులు టంకమే అయినా మొత్తం నాణ్యత 90.0కి దిగుతుంది. పది వంతులైతే 88.4కి, అంటే దాదాపు 21 క్యారెట్లకి వస్తుంది. తీగ 22 క్యారెట్లదే, అందులో మోసం లేదు. కానీ కరిగించిన ముద్దలో తీగా టంకమూ కలిసే ఉంటాయి. నాయనమ్మల నాటి గొలుసులు మార్చబోయినప్పుడు "22 అని చేయించాం, 21 కూడా రావడంలేదేమిటి" అనే మాట ఇళ్లలో వినిపించేది అందుకే.

టంకంలో అంత రాగి ఎందుకు కలపాలి అన్నది అడగవలసిన ప్రశ్నే. అతుకు పెట్టేటప్పుడు టంకం కరగాలి, గొలుసు కరగకూడదు. మేలిమి బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర. రాగి కలిపిన 22 క్యారెట్ల బంగారం అంతకన్నా తక్కువలో, 940 డిగ్రీలు దాటగానే మెత్తబడి జారడం మొదలెడుతుంది. టంకం దీనికన్నా వంద డిగ్రీలు ముందే పారితే కంసాలికి ఊపిరి ఆడుతుంది. ఆ తేడా రావాలంటే బంగారంలో వేరే లోహం కలపక తప్పదు. టంకం నాణ్యత కూడా 22 క్యారెట్లే ఉండాలంటే మాత్రం వేరే లోహానికి నూటికి ఎనిమిది పాళ్లే చోటుంది. ఆ ఎనిమిది పాళ్లలో రాగి, వెండి ఎంత కలిపినా కరిగే వేడి కావలసినంత తగ్గదు. గొలుసు తీగలో ఉన్నవీ అవే లోహాలు కదా.

ఆ ఎనిమిది పాళ్లలో ఇమిడిపోయిన లోహం కాడ్మియం. అది 321 డిగ్రీలకే కరుగుతుంది. 92 పాళ్ల మేలిమికి ఎనిమిది పాళ్ల కాడ్మియం కలిపితే గొలుసు కన్నా ముందే పారే టంకం వస్తుంది, నాణ్యత 92 దగ్గరే నిలబడుతుంది. మన షాపుల బోర్డుల మీద ఏళ్ల తరబడి కనిపించిన కేడీఎం ఇదే. నగను మొత్తంగా కరిగించినా టంచ్ తగ్గకపోవడంతో కొనేవాళ్లకు అది గొప్ప భరోసా అయింది. "916 కేడీఎం" అని రెండింటినీ కలిపి పలికేవారు గానీ, 916 నగ నాణ్యతను చెప్పే అంకె, కేడీఎం అందులో వాడిన టంకం పేరు. ఈ రెండూ ఒకటి కాదు.

దాని మూల్యం మాత్రం కంసాలి ఊపిరితిత్తులు చెల్లించాయి. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. టంకం పారాలంటే మంట అంతకు మించే ఉండాలి. అంటే ప్రతి అతుకు దగ్గరా కొంత కాడ్మియం పొగై లేస్తుంది. గాలాడని చిన్న గదిలో, మొహం మంటకు జానెడు దూరంలో పెట్టి పనిచేసే మనిషి ఆ పొగను నేరుగా పీలుస్తాడు. ఒక్కసారే ఎక్కువ పీలిస్తే అప్పటికి ఏమీ అనిపించదు. కొన్ని గంటలు గడిచాక దగ్గు, జ్వరం, ఆయాసం కమ్ముకుంటాయి, ప్రాణం మీదికే రావచ్చు. ఏళ్ల తరబడి పీలిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మెరిసే నగ చూసి మురిసిపోయినప్పుడు దాని వెనక ఈ పొగ మనకు కనపడలేదు. హాల్‌మార్క్ నగల్లో కాడ్మియం వాడకూడదని బీఐఎస్ నిబంధన పెట్టాక దాని చోటికి జింక్, ఇండియం లాంటి లోహాలు వచ్చాయి. నేటికీ ఎవరైనా "మేం కేడీఎం టంకమే వాడతాం" అని గొప్పగా చెబితే అక్కడ గొలుసు ఇవ్వకపోవడమే మేలు. మీ గొలుసుకు ముప్పు లేకపోయినా ఆ పని చేసే మనిషికి ఉంది.

మళ్లీ తెనాలి గొలుసు దగ్గరికి వద్దాం. ఆచారి గారు తెగిన లింకుతోపాటు, సగానికి అరిగిన మరో రెండు లింకుల్ని కూడా తీసెయ్యాలన్నాడు. ఆవిడ కాస్త వెనకాడింది, ఖర్చు పెరుగుతుందేమోనని. ఆయన చెప్పింది నిజమే. తెగినదాన్ని అతికి, పక్కనే సగం మందంతో ఉన్నవాటిని వదిలేస్తే ఆ గొలుసు మళ్లీ తెగుతుంది. ఎంత మంచి టంకమైనా అరిగిన తీగను మందం చేయలేదు. కొందరు అరిగిన వంపులో టంకం నింపి పూడుస్తారు. అది చూడటానికి నిండుగా ఉంటుంది గానీ పక్క లింకు వచ్చి రాసుకునే చోటే టంకం పడుతుంది కాబట్టి త్వరగా పోతుంది.

కొత్త లింకులకు 22 క్యారెట్ల తీగ తీసుకుని పాత లింకు కొలతకే వంచాడు. తర్వాత చాలాసేపు పట్టిన పని తీగ రెండు కొసల్నీ కలపడం. కోసిన కొసలు నున్నగా, ఒకదాని మీద ఒకటి సందు లేకుండా కూర్చునేదాకా సన్నటి ఆకురాయితో రాస్తూ, పట్టుకారుతో అటూ ఇటూ తిప్పుతూ సర్దుతూనే ఉన్నాడు. వెలుగుకెత్తి పట్టుకుంటే సందులోంచి కాంతి కనపడకూడదు. నా దృష్టిలో రిపేరు బలం మొత్తం ఇక్కడే తేలిపోతుంది. సన్నటి సందులోకి కరిగిన టంకం తనంతట తాను పాకి రెండు కొసల్నీ పట్టుకుంటుంది. అలా పలచటి పొరగా ఉన్న టంకాన్ని రెండు పక్కలా ఉన్న బంగారం బిగించి ఉంచుతుంది కాబట్టి అది తన సహజ బలాన్ని మించి పనిచేస్తుంది. అదే సందు వెడల్పుగా ఉండి దాన్ని టంకంతో పూడిస్తే, అక్కడ మిగిలేది టంకం బలమే. పైగా చల్లారేటప్పుడు అది ముడుచుకుని లోపల సూదిమొన అంత గుంటలు పడతాయి.

తర్వాత కొసలకు వెలిగారం పూశాడు. వెలిగారం ముద్దను కొద్ది నీళ్లతో రాతి మీద అరగదీస్తే పాలలాంటి ద్రవం వస్తుంది. వేడికి అది కరిగి గాజులా పరుచుకుని, అతుకు మీద గాలి తగలకుండా కాపాడుతుంది. గాలి తగిలితే బంగారంలోని రాగి నల్లబడుతుంది, ఆ నల్లటి పొర మీద టంకం పారదు. అతుకు నల్లగా ఉండి టంకం గోళీలా ముద్దకట్టి కనిపించిందంటే వెలిగారం చాలలేదనో, మురికి పూర్తిగా పోలేదనో అర్థం. వేలి జిడ్డు చాలు పని చెడటానికి.

ఇసకరేణువంత టంకం ముక్కను అతుకు మీద ఉంచి, మంటను ముందు చుట్టూ తిప్పి, ఆపైన లింకు మీదికి తెచ్చాడు. టంకం ఎటు వేడెక్కితే అటే పోతుంది. మంట నేరుగా టంకం మీదే పడితే అది ముందే కరిగి ముద్దవుతుంది, చల్లగా ఉన్న బంగారానికి అంటదు. లింకు రెండు పక్కలా సమానంగా ఎర్రబారిన క్షణంలో అతుకు వెంట వెండి గీతలాంటి మెరుపు ఒకటి పరుగెత్తింది. మంట వెంటనే తీసేశాడు. ఆ మెరుపు తర్వాత ఇంకొన్ని సెకన్లు మంట ఉంచితే టంకంలోని జింక్ ఆవిరైపోయి అతుకులో గుంటలు పడతాయి. ఇంకా ఎక్కువైతే సన్నటి లింకు కుప్పకూలి బొట్టుగా మారిపోతుంది.

ఆయన ఈ రిపేరుకు 22 క్యారెట్ల టంకం వాడలేదు, కొంచెం తక్కువ నాణ్యత ఉన్నదే వాడాడు. దానికి కారణం ఉంది. పక్క లింకుల పాత అతుకులు అదే 92 టంకంతో ఉండి, కొత్తది కూడా అంతే వేడికి పారేదైతే, ఇక్కడ మంట పెట్టగానే అక్కడి అతుకులు కూడా విడిపోతాయి. ముందు పడిన టంకం కన్నా తర్వాత పడేది కాస్త ముందే కరగాలి. మనం ఇందాక లెక్క వేసుకున్న ఆ ఒక పాయింటు వందో వంతు తేడా ఈ జాగ్రత్తకు చెల్లించే ధర. బాగా పేరున్న షాపులో కూడా రిపేరు టంకం నగతో సమానమైన టంచ్‌లో ఉండాలని పట్టుబట్టడం కన్నా, అది ఎంత టంచ్, ఎంత పడింది అని అడగడం మేలు.

ఇప్పుడు బలం ఎంతో చూద్దాం. వేడి తగిలి మెత్తబడిన 22 క్యారెట్ల బంగారం చదరపు మిల్లీమీటరుకు దాదాపు ఇరవై కిలోల లాగుడు తట్టుకుంటుంది. 0.6 మిల్లీమీటర్ల తీగ కోత వైశాల్యం 0.28 చదరపు మిల్లీమీటర్లు. అంటే ఒక్క తీగ అయిదున్నర కిలోలు మోస్తుంది, రెండు పక్కలున్న లింకు పదకొండు కిలోల దాకా మోస్తుంది. తీగ సగానికి అరిగితే ఇదీ సగమవుతుంది. అతుకు సగమే అంటుకుని, సగం ఖాళీగా ఉంటే ఆ పక్క మూడు కిలోలలోపే ఊడుతుంది. ఊడాక ఆ లింకు ఇంక లింకు కాదు, తెరిచిన కొక్కెం. దాన్ని సాగదీసి విప్పడానికి కిలో బరువు కూడా అక్కర్లేదు. పదకొండు కిలోలు మోసేది ఒక్కసారిగా కిలో కూడా మోయలేని స్థితికి రావడానికి వెంట్రుకవాసి సందు చాలు. టంచ్‌లో జరిగే నష్టం మిల్లీగ్రాముల్లో ఉంటే బలంలో జరిగే నష్టం ఇలా ఉంటుంది. గొలుసు ఎక్కడో దారిలో జారిపోతే పోయేది 24 గ్రాములూ.

మంచి అతుకు కూడా కొంత బలాన్ని తీసుకుంటుందని ఒప్పుకోవాలి. కమ్మచ్చులో లాగినప్పుడు, మిషన్‌లో అల్లినప్పుడు తీగకు కొంత గట్టిదనం వస్తుంది. మంట తగలగానే అది పోయి బంగారం మెత్తబడుతుంది. అతికిన లింకూ దాని పక్క లింకులూ మిగతా గొలుసు కన్నా మెత్తగా ఉంటాయి. అవసరానికి మించి మంట పెడితే ఈ మెత్తదనం గొలుసులో ఇంకా దూరం పాకుతుంది.

చూడగానే కనిపెట్టగలిగే తప్పు ఒకటుంది. టంకం ఎక్కువైతే అది లింకులోంచి పక్క లింకుల్లోకి పారి రెండు మూడింటిని కలిపేసి గడ్డకట్టిస్తుంది. అక్కడ గొలుసు వంగదు. వంగని ముక్క పక్కన ఉన్న లింకు మీదే మెలికంతా పడి, కొన్నాళ్లకు అతుకు పక్కన తెగుతుంది. "అతికించినచోట తెగలేదు, పక్కన తెగింది, కాబట్టి అతుకు బాగుంది" అని చెప్పేవాళ్లుంటారు. నిజానికి పక్కన తెగడానికి ఆ అతుకే కారణమై ఉండొచ్చు. గొలుసు ఇంటికి తెచ్చుకునే ముందు చూపుడువేలి మీద వేసి మెల్లగా జార్చండి. రిపేరు చేసిన చోటు వేలి వంపు మీద మిగతా గొలుసులాగే ఒదగాలి. కర్రముక్కలా నిలబడితే తిరిగి ఇచ్చి సరిచేయించుకోవాలి. భూతద్దంలో అతుకు సన్నటి గీతలా కనిపించాలి, లేదా అసలు కనిపించకూడదు. చుక్కలాంటి గుంటలు, ముద్ద, గీత మధ్యలో నల్లటి సందు ఉంటే పని మళ్లీ చేయాలి.

ఇవన్నీ సరిదిద్దుకోగల తప్పులు. సరిదిద్దడానికి వీల్లేనిది సీసం. రోల్డ్‌గోల్డ్ నగలకూ, కరెంటు సామాన్లకూ వాడే తగరం, సీసం కలిసిన మాటు 183 డిగ్రీలకే కరుగుతుంది. తొందరగా అయిపోతుందని బంగారు గొలుసుకు దాన్ని పెట్టేవాళ్లున్నారు. అతుకు దగ్గర బూడిదరంగు ముద్ద, గోటితో గీరితే గీత పడేంత మెత్తదనం దాని గుర్తులు. అది గట్టిగా పట్టుకోదు, త్వరలోనే ఊడుతుంది. ఊడాక గొలుసు అసలు కంసాలి దగ్గరికి వెళుతుంది, ఆయన మామూలుగా మంట పెడతాడు. అప్పుడు సీసం బంగారంలోకి ఇంకిపోతుంది. అతి కొద్దిపాటి సీసం చాలు, సాగే బంగారం పెళుసుబారి వేళ్ల మధ్య విరిగిపోతుంది. లింకులో గుంటలు పడి బంగారాన్ని తినేసినట్టవుతుంది. అందుకే గొలుసుకు ఇదివరకు ఎక్కడైనా మాటు పెట్టించి ఉంటే ఆ సంగతి కంసాలికి ముందే చెప్పాలి. ఆయన మంట పెట్టకముందే ఆ ముద్దనంతా గీకేస్తాడు, లేదా ఆ లింకుల్ని కోసి తీసేస్తాడు.

నల్లపూసలు, ముత్యాలు, పగడాలు ఉన్న గొలుసుకు మంట పెట్టడం ఇంకో ఇబ్బంది. ముత్యం, పగడం ఆ వేడికి రంగు మారి పాడైపోతాయి. వాటిని తీసి రిపేరు చేసి మళ్లీ గుచ్చాలి. ఇలాంటివాటికి లేజర్ మిషన్ నిజంగా ఉపయోగమే. ఆ కాంతి సూదిమొనంత చోట మాత్రమే బంగారాన్ని కరిగిస్తుంది. చేత్తో పట్టుకుని ఉండగానే పని అయిపోతుంది. టంకం అవసరం లేకుండా అదే 22 క్యారెట్ల సన్నటి తీగను కరిగించి అతకవచ్చు కాబట్టి టంచ్ తేడా రాదు. కానీ బంగారం ఆ కాంతిని చాలావరకు తిప్పికొడుతుంది, తగిలిన వేడిని చుట్టుపక్కలకు పంచేస్తుంది. కాంతి బలం చాలకపోతే పైపొర మాత్రమే అతుక్కుని లోపల తీగ విడిగానే ఉండిపోతుంది. పైకి అందంగా ఉంటుంది, లాగితే ఊడుతుంది. లేజర్‌తో చేశామనగానే బలంగా ఉందనుకోకూడదు. లింకు చుట్టూ నాలుగు వైపులా అతికారా అని అడగాలి. లోపల బోలుగా ఉండే తేలికపాటి గొలుసులకు కూడా ఇదే నయం. వాటికి మంట పెడితే టంకం బోలులోకి పారి ఆ చోటు బిగుసుకుపోతుంది, శుభ్రం చేయడానికి ముంచిన యాసిడ్ లోపల చిక్కుకుని తర్వాత నెమ్మదిగా బయటికొస్తుంది.

గొలుసు మార్చుకునే రోజున టంకం సంగతి మళ్లీ లేస్తుంది. షాపులో ఉండే క్యారెట్ మీటరు ఎక్స్‌రే కాంతితో పైపొరను మాత్రమే చూస్తుంది, అదీ ఒక చిన్న చుక్క మేర. ఆ చుక్క సరిగ్గా అతుకు మీద పడితే 91కి బదులు 80ల్లోనో 70ల్లోనో అంకె కనిపించవచ్చు. అది అబద్ధం కాదు, ఆ చుక్క వరకు నిజమే. దాన్ని గొలుసు మొత్తానికి అంటగట్టి ధర కడితే మాత్రం అన్యాయం. అతుకుకు దూరంగా మూడు నాలుగు చోట్ల చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే మీ కళ్లముందే కరిగించి, ఆ ముద్దను పరీక్షించమనండి. కరిగిన ముద్దలో తీగా టంకమూ కలిసిపోతాయి కాబట్టి మనం లెక్క వేసుకున్న 91.59 లాంటి అంకెే బయటపడుతుంది. బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో మామూలు జనం కూడా తమ నగలను పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు నగల దాకా 200 రూపాయల రుసుమని 2022లో ప్రకటించారు.

ఇంకొక సంగతి చాలామంది చూసుకోనిది. 2021 జులై నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ ముద్ర వేస్తున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేని హాల్‌మార్క్ నగను షాపులు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే నగ నాణ్యత, ఏ కేంద్రంలో ముద్ర పడిందీ తెలుస్తాయి. గొలుసుల్లో ఈ ముద్ర తరచుగా కొక్కెం మీదో, కొక్కెం పక్కనుండే చిన్న రేకు మీదో ఉంటుంది. గొలుసు ఎక్కువగా తెగేదీ, రిపేరులో కోసి తీసేసేదీ అక్కడే. కొత్త కొక్కెం వేసి పాతదాన్ని తుక్కులో కలిపేస్తే మీ గొలుసు గుర్తింపు అంతటితో పోయింది. పాత కొక్కెంలో ముద్రున్న ముక్కను ఉంచి అతకమని ముందే చెప్పాలి.

తెనాలి ఆవిడ గొలుసు హెచ్‌యూఐడీ రోజుల కన్నా ముందుది, కాబట్టి ఆ బెడద లేదు. ఆచారి గారు తీసేసిన మూడు పాత లింకుల్ని చిన్న కాగితంలో పెట్టి ఆవిడ చేతికే ఇచ్చాడు. రిపేరయిన గొలుసును త్రాసులో వేస్తే 24.130 వచ్చింది. పాత లింకులు విడిగా 180 మిల్లీగ్రాములు తూగాయి. కొత్త లింకుల తీగ ఆయన ముందే తూచి రాసి పెట్టుకున్నాడు, 300 మిల్లీగ్రాములు. 24.000లోంచి 180 తీసి 300 కలిపితే 24.120. మిగిలిన పది మిల్లీగ్రాములే టంకం. ఆ నాలుగు అంకెలూ ఆయన బిల్లు వెనక రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.